రౌటర్‌లో పిల్లల ఫిల్టర్: రెండేళ్లు వాడాక నెట్ స్లో అయిందో లేదో చెబుతున్నా

మాది తిరుపతి, కొర్లగుంట వైపు ఇల్లు. 150 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, పాప ట్యాబ్, నా ఆఫీసు లాప్‌టాప్ ఉన్నాయి. మా అబ్బోడు ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు వాడికి నా పాత ఫోన్ ఇచ్చాం. ఆ వారమే రౌటర్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేశాను. అప్పటి నుంచి రెండేళ్లకు పైగా ఏదో ఒక రూపంలో ఫిల్టర్ నడుస్తూనే ఉంది. మధ్యలో రెండుసార్లు నెట్ బాగా ఇబ్బంది పెట్టింది. రెండుసార్లూ ఇంట్లో అందరూ ఫిల్టర్‌నే తిట్టారు. రెండుసార్లూ వాళ్లు అన్నది నిజమే, కానీ కారణాలు వేరు వేరు.

మొదట వాడింది రౌటర్ లోపలే ఉండే వెబ్‌సైట్ ఫిల్టర్. కొన్ని పదాలు టైప్ చేసి పెడితే, ఆ పదం ఉన్న సైట్లను ఆపుతుంది. వారం రోజులు బాగానే ఉంది. తర్వాత ఒక రోజు ఆఫీసు మీటింగ్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని అవతలి వాళ్లు అన్నారు. వెళ్లి చూస్తే అబ్బోడి ఫోన్‌లో గేమ్ అప్‌డేట్ దిగుతోంది. అంతకుముందు కూడా అప్‌డేట్లు దిగేవి, కానీ మీటింగ్ ఎప్పుడూ ఆగలేదు.

ఆ రాత్రి లాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి చూశాను. ఫిల్టర్ ఆఫ్‌లో స్పీడ్ టెస్ట్ 145 దగ్గర వచ్చింది, ఆన్ చేస్తే 62. మళ్లీ ఆఫ్ చేస్తే 145. మూడుసార్లు మార్చి చూసినా అంతే. ఇంకో పరీక్ష కూడా చేశాను. ఒక పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెట్టి, అదే సమయంలో రౌటర్‌కే పింగ్ కొట్టాను, అంటే అది ఎంతసేపటికి జవాబిస్తుందో చూశాను.

```
ping 192.168.0.1
```

ఫిల్టర్ ఆఫ్‌లో 1 మిల్లీసెకను, ఆన్‌లో 100 దాటి 180 వరకు పోయింది. గోడకు ఉన్న డబ్బా జవాబివ్వడానికే అంత సేపు పడుతోందంటే లోపం బయటి లైనులో లేదు, ఆ డబ్బాలోనే ఉంది. కారణం తెలుసుకుంటే అర్థమైంది. మామూలుగా రౌటర్‌లో డేటాను అటూ ఇటూ దాటించే పని ఒక ప్రత్యేకమైన చిప్ భాగం చూసుకుంటుంది, ప్రాసెసర్‌కు పెద్దగా శ్రమ ఉండదు. పదాల ఫిల్టర్ ఆన్ చేసినప్పుడు నా రౌటర్‌లో ఆ దగ్గరి దారి మూసుకుపోతోంది. ప్రతి ప్యాకెట్టూ చిన్న ప్రాసెసర్ చేతికి వెళ్లి, అది విప్పి చూసి పంపాలి. 62 దగ్గర దాని ఓపిక అయిపోతోంది. ఖరీదైన రౌటర్లలో ప్రాసెసర్ బలంగా ఉంటుంది కాబట్టి ఇంత తేడా కనబడకపోవచ్చు. మీ రౌటర్ సంగతి తెలియాలంటే పైన చెప్పిన పరీక్ష చాలు, పది నిమిషాల పని.

ఇంత శ్రమపడి అది చేసేది కూడా తక్కువే. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ కాబట్టి లోపలి పేజీ అడ్రసు రౌటర్‌కు కనబడదు, సైటు పేరు వరకే కనబడుతుంది. పైగా ఆపిన సైటుకు అది "లేదు" అని చెప్పదు, ప్యాకెట్‌ను ఊరికే పారేస్తుంది. దాంతో బ్రౌజర్ జవాబు కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది. ఒక వార్తల పేజీలో ఏదో ప్రకటన సైటు పేరు మన పదానికి తగిలినా ఆ పేజీ అంతా తిరుగుతూనే ఉంటుంది. రెండు నెలలకు దాన్ని తీసేశాను. ఏ వేళ నుంచి ఏ వేళ వరకు నెట్ ఉండాలో చెప్పే టైమ్ షెడ్యూల్ మాత్రం అదే రౌటర్‌లో ఉంచుకున్నాను. అది ఆన్‌లో ఉన్నా స్పీడ్ 145 దగ్గరే ఉంది.

తర్వాత డీఎన్ఎస్ ఫిల్టర్‌కు మారాను. దీని పద్ధతి వేరు. కొత్త ఊళ్లో ఒకరి ఇల్లు ఎక్కడని అడిగినట్టు, ఫోన్ ముందుగా డీఎన్ఎస్ అనే సర్వర్‌కు సైటు పేరు చెప్పి దాని నంబరు అడుగుతుంది. నంబరు తెలిశాక డేటా నేరుగా ఆ సైటు నుంచే వస్తుంది, నంబరు చెప్పినవాళ్లకు ఆ డేటాతో సంబంధం లేదు. ఫిల్టర్ ఉన్న డీఎన్ఎస్ చెడ్డ సైటు పేరు అడిగితే 0.0.0.0 అని తప్పుడు నంబరు ఇస్తుంది. బ్రౌజర్ ఎదురు చూడకుండా వెంటనే తెరవలేనని చెప్పేస్తుంది. అందుకే దీనితో స్పీడ్ టెస్ట్ అంకె మారదు. నాకు ముందు 145, తర్వాత 146. మారేదల్లా ఆ మొదటి ప్రశ్నకు జవాబు రావడానికి పట్టే సమయం ఒక్కటే.

అయితే ఆ ఒక్క దానితోనే నాకు రెండో ఇబ్బంది వచ్చింది. మొదట పెట్టుకున్న ఉచిత ఫ్యామిలీ ఫిల్టర్ పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే అది మా లైను నుంచి వెళ్లే దారి సమస్యే గానీ అందరికీ అలాగే ఉంటుందని కాదు. పెట్టిన కొన్ని రోజులకు మా అత్తమ్మ మొదలుపెట్టింది: "అమ్మాయ్, నువ్వు ఆ ఫిల్టరు పెట్టినప్పటి నుంచీ సీరియల్ తిరుగుతానే ఉండాది. ఒక్క మాట విందామంటే ఆగిపోతా ఉండాది." స్పీడ్ టెస్ట్ చూస్తే నిండుగా ఉంది. అయినా రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య టీవీలో వీడియో నిజంగానే ఆగుతోంది.

అప్పుడు డీఎన్ఎస్ జవాబు ఎంతసేపటికి వస్తోందో కొలిచాను. లైనక్స్ లాప్‌టాప్ ఉంటే ఒక్క లైను చాలు.

```
dig eenadu.net @1.1.1.3
```

కింద Query time అని మిల్లీసెకన్లలో వస్తుంది. అదే పేరును రెండోసారి అడిగితే దాచిపెట్టుకున్న జవాబు వస్తుంది కాబట్టి, ప్రతిసారీ కొత్త సైటు పేరుతో చూడాలి. మా ఇంటర్నెట్ కంపెనీ సొంత డీఎన్ఎస్ 5 దగ్గర ఇచ్చింది. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ ఫిల్టర్ 1.1.1.3 అయితే 9 నుంచి 11. నేను పెట్టుకున్న ఫిల్టర్ మాత్రం 65. చెన్నై మనకు నూట యాభై కిలోమీటర్ల లోపే ఉంది. 10 దగ్గర జవాబు వస్తోందంటే దగ్గర్లోనే పని జరుగుతోందని, 65 అంటే ప్రశ్న ఎక్కడికో దూరం పోయి వస్తోందని అర్థం.

65 మిల్లీసెకన్లు కంటికి తెలుస్తుందా? ఒక్క పేరుకైతే తెలియదు. ఒక వార్తల పేజీ ముప్పై, నలభై పేర్లు అడుగుతుంది. కానీ అన్నీ వరుసలో కాదు, చాలా వరకు ఒకేసారి అడుగుతుంది. ఒకటి వచ్చాక దాని లోపల ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి అనే మెట్లు మూడో నాలుగో ఉంటాయి. మెట్టుకు 55 చొప్పున ఎక్కువనుకుంటే మొత్తం సెకనులో అయిదో వంతు. అదీ మొదటిసారి తెరిచినప్పుడే. తర్వాత కాసేపటి వరకు జవాబు ఫోన్‌లోనే ఉంటుంది. కాబట్టి బ్రౌజింగ్‌లో మాకు పెద్ద తేడా తెలియలేదు. తెలిసింది వీడియోలోనే.

చాలా వీడియో కంపెనీలు ఒకే సినిమాను చాలా ఊళ్లలో సర్వర్లలో పెట్టుకుంటాయి. అడిగిన డీఎన్ఎస్ ఎక్కడుందో చూసి దానికి దగ్గరి సర్వర్ నంబరు ఇస్తాయి. డీఎన్ఎస్ దూర దేశంలో ఉంటే, పక్కనే చెన్నైలో సర్వర్ ఉన్నా, టీవీకి ఆ దూర దేశపు సర్వర్ నంబరు వస్తుంది. సాయంత్రం రద్దీలో ఆ దూరపు దారి ఇరుకైపోతుంది. నేను టీవీ యాప్ అడుగుతున్న పేరును రెండు డీఎన్ఎస్‌లతో అడిగి, వచ్చిన నంబర్లకు పింగ్ కొట్టాను. ఒకటి 8, ఇంకోటి 70. ఆ రాత్రే 1.1.1.3కు మార్చాను. మరుసటి రోజు నుంచి అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏడాదిన్నరగా ఈ ఫిర్యాదు ఇంట్లో మళ్లీ రాలేదు.

స్పీడ్ మాట ఒకెత్తు, ఫిల్టర్ అసలు పనిచేస్తోందా అన్నది ఇంకో ఎత్తు. నాలుగు నెలలు హాయిగా ఉన్నాక ఒకరోజు అబ్బోడి ఫోన్‌లో ఆగవలసిన సైటు తెరుచుకుంది. వాడు ఏ తప్పూ చేయలేదు, పొరపాటు నాదే. రౌటర్‌లో 1.1.1.3, 1.0.0.3 అని ఐపీవీ4 గళ్లలో మాత్రమే నింపాను. మా కనెక్షన్‌కు ఐపీవీ6 అనే కొత్త రకం నంబర్ల పద్ధతి కూడా ఉంది. దానికి డీఎన్ఎస్ నంబరు ఇంటర్నెట్ కంపెనీ నుంచే నేరుగా ఫోన్లకు వస్తోంది. ఫోన్ ఒకసారి ఇటు, ఒకసారి అటు అడుగుతోంది. అందుకే ఒకసారి ఆగేది, ఒకసారి తెరుచుకునేది. ఐపీవీ6 గళ్లలో కూడా ఫ్యామిలీ ఫిల్టర్ నంబర్లు నింపాక సరిపోయింది.

```
2606:4700:4700::1113
2606:4700:4700::1003
```

పరీక్ష కోసం పిల్లల ముందు చెడ్డ సైటు తెరవాల్సిన పని లేదు. క్లౌడ్‌ఫ్లేర్ ఇందుకోసమే ఒక పేరు పెట్టింది.

```
dig nudity.testcategory.com
```

0.0.0.0 వస్తే ఫిల్టర్ పనిచేస్తున్నట్టు. ఐపీవీ6 ఉన్న ఇళ్లలో చివర AAAA చేర్చి ఇంకోసారి అడగాలి, అప్పుడు :: అని రావాలి. రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ నేను ఇది చూస్తాను. ఒకసారి అప్‌డేట్ తర్వాత సెట్టింగ్ అంతా మొదటికి వచ్చింది మరి.

ఇంక రౌటర్ చేయలేనివి. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ వేరేది పెట్టుకున్నా, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ మార్చినా, మొబైల్ డేటా ఆన్ చేసినా ప్రశ్న రౌటర్ ఫిల్టర్‌ను దాటిపోతుంది. అందుకే అబ్బోడి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర ఈ పేరు పెట్టాను.

```
family.cloudflare-dns.com
```

ఇప్పుడు మొబైల్ డేటాలో కూడా అదే ఫిల్టర్. కాకపోతే ఒక చిక్కు ఉంది. ఈ పద్ధతి 853 అనే పోర్ట్ మీద నడుస్తుంది. కొన్ని చోట్ల వైఫైలో ఆ పోర్ట్ మూసి ఉంటుంది. అప్పుడు ఫిల్టర్ పక్కకు తప్పుకోదు, మొత్తం నెట్టే పోతుంది. మేము ఊరికి పోయినప్పుడు లాడ్జిలో ఇదే జరిగింది. అక్కడున్న రెండు రోజులూ దాన్ని ఆఫ్ చేయాల్సి వచ్చింది.

టైమ్ షెడ్యూల్‌కు కూడా ఒక కన్నం ఉంది. రౌటర్ ఫోన్‌ను మ్యాక్ అడ్రసుతో గుర్తుపడుతుంది. ఇప్పటి ఫోన్లు వైఫై సెట్టింగ్‌లోని ప్రైవసీ దగ్గర దాన్ని మార్చుకోనిస్తాయి. అబ్బోడు దాన్ని మార్చగానే రౌటర్‌కు అది కొత్త ఫోన్, రాత్రి పది తర్వాత కూడా నెట్ వచ్చేది. వాడే నాకు చూపించాడు, దాచలేదు. ఇప్పుడు షెడ్యూల్‌ను తలకిందులు చేశాను. పెద్దవాళ్ల ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ పేర్లు పెట్టి వదిలాను, పేరు లేనిది ఏదొచ్చినా పదికి ఆగుతుంది. చుట్టాలొస్తే వాళ్ల ఫోన్ కూడా ఆగుతుంది, అప్పుడు ఒకసారి చేర్చాలి. చెల్లెలు కాణిపాకం నుంచి వచ్చినప్పుడల్లా ఈ పని ఉంటుంది.

యూట్యూబ్ లోపల ఏ వీడియో చూస్తున్నారో, ఇన్‌స్టాలో ఏ రీల్ వస్తోందో డీఎన్ఎస్‌కు తెలియదు. సైటు మొత్తం ఆపగలదు, లేదా మొత్తం వదలగలదు. ఆ భాగం కోసం టీవీని హాల్లోనే ఉంచాం, పాప ట్యాబ్ కూడా హాల్లోనే చార్జింగ్ పెడుతుంది.