చిన్న శాంపిల్, ఒక పక్కకి లాగేసిన డేటా: టీ-టెస్టా, ర్యాంక్ సమ్మా, సైన్ టెస్టా?

థీసిస్ సబ్మిషన్ దగ్గర పడిందంటే పీజీ స్టూడెంట్స్ నుంచి నాకొచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, గ్రూపుకి ఏడుగురే ఉన్నారు, డేటా నార్మల్‌గా లేదు, టీ-టెస్ట్ చెయ్యొచ్చా? నాన్ పారామెట్రిక్ అయితే సైన్ టెస్టా, ర్యాంక్ సమ్మా?" ఒక్కొక్కళ్ళకి ఫోన్‌లో చెప్పే బదులు ఒకసారి కూర్చుని రాసేస్తే నయం అనిపించింది. టీ-టెస్ట్ అంటే ఏంటో, పి వాల్యూ అంటే ఏంటో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా.

ముందు ఆ ప్రశ్నలో ఉన్న చిక్కు విప్పాలి. సైన్ టెస్ట్, ర్యాంక్ సమ్ రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. వేరు వేరు మనుషులున్న రెండు గ్రూపుల్ని పోలిస్తే ర్యాంక్ సమ్, దీన్నే మాన్-విట్నీ అని కూడా అంటారు. అదే పేషెంట్‌కి మందుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిస్తే సైన్ టెస్ట్. అంటే ఈ రెండిట్లో ఏదన్నది మీరు డేటా తీసుకున్న రోజే తేలిపోయింది, ఇప్పుడు ఎంచుకోవడానికేం లేదు. మిగిలిన అసలు ప్రశ్న టీ-టెస్ట్‌లో ఉండాలా, దాన్ని వదలాలా అన్నదే.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. సీఆర్‌పీ తీసుకోండి, ఎందుకంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ఈ రీడింగ్ చాలామందిలో తక్కువగా ఉండి ఒకళ్ళిద్దరిలో మాత్రం ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఈ కింది అంకెలు ఎవరి రిపోర్టులూ కాదు, విషయం కనబడాలని నేను వేసుకున్నవి, మిల్లీగ్రామ్స్ పర్ లీటర్ అనుకోండి. కోడ్ R సాఫ్ట్‌వేర్‌ది, అందులో a అంటే ఏ గ్రూపు, b అంటే బీ గ్రూపు.

```
a <- c(4, 6, 7, 9, 11, 14, 96)
b <- c(12, 15, 18, 21, 26, 33, 40)
t.test(a, b)
wilcox.test(a, b)
```

కంటితో చూస్తేనే తెలుస్తోంది, ఏ గ్రూపులో ఏడుగురిలో ఆరుగురు 14 లోపే ఉన్నారు, బీ గ్రూపులో అందరూ 12 పైనే. కానీ ఏ సగటు 21, బీ సగటు 23.6. టీ-టెస్ట్ ఇచ్చే పి వాల్యూ 0.85 దగ్గర, అంటే తేడా ఏమీ కనబడలేదని. అదే ర్యాంక్ సమ్ చేస్తే 0.038.

ఇంత తేడా ఎక్కడ్నుంచి వచ్చింది అంటే ఆ 96 దగ్గర్నుంచే. అది ఏ గ్రూపు సగటుని పైకి లాగింది, ఒప్పుకుందాం, కానీ అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది, అది స్టాండర్డ్ డీవియేషన్‌ని 33కి తీసుకెళ్ళింది, బీ గ్రూపుది చూస్తే 10 మాత్రమే. టీ అంటే పైన సగటుల తేడా, కింద స్టాండర్డ్ ఎర్రర్. ఒక్క రీడింగ్ పైదాన్ని తగ్గించి కిందదాన్ని పెంచింది, ఇంక ఏం మిగుల్తుంది. చాలామంది స్క్యూ ఉంటే టీ-టెస్ట్ లేని తేడాని ఉన్నట్టు చూపిస్తుందని భయపడతారు గానీ, రెండు గ్రూపులూ సమాన సైజులో ఉండి ఒకే పక్కకి ఒరిగి ఉంటే ఆ భయం పెద్దగా అక్కర్లేదు. అక్కడ ఎక్కువగా జరిగేది దీనికి తిరగబడి, ఉన్న తేడాని చూడలేకపోవడం. గ్రూపు సైజులు బాగా తేడాగా ఉన్నప్పుడు, లేదా ముందు-తర్వాత తేడాలే ఒక పక్కకి ఒరిగి ఉన్నప్పుడు మాత్రం పి వాల్యూనే నమ్మలేం.

ఇప్పుడు ర్యాంక్ సమ్ ఏం చేస్తుందో చేత్తో చూడండి. పద్నాలుగు రీడింగుల్నీ కలిపి చిన్న దాన్నుంచి పెద్ద దాకా నిలబెట్టి 1 నుంచి 14 దాకా నంబర్లు వేస్తాం. ఏ గ్రూపుకి 1, 2, 3, 4, 5, 7, 14 వచ్చాయి, మొత్తం 36. ఏడుగురికి వచ్చే కనీస మొత్తం 28, అది తీసేస్తే 8. ఈ 8కి ఒక మామూలు అర్థం ఉంది, అది తెలిస్తే ఈ టెస్ట్ మళ్ళీ మర్చిపోరు. ఏ నుంచి ఒకళ్ళని, బీ నుంచి ఒకళ్ళని పట్టుకుని జోడీ కడితే 49 జోడీలు వస్తాయి, వాటిలో ఏ మనిషి రీడింగ్ ఎక్కువున్నవి 8, బీ మనిషిది ఎక్కువున్నవి 41. ఆ ఎనిమిదిలో ఏడు మన 96 వల్ల వచ్చినవే, ఎనిమిదోది 14కీ 12కీ మధ్య. 96 బదులు 960 వచ్చినా లెక్క ఇంతే, ర్యాంకు 14 దాటి వెళ్ళదు కదా. ఇంక పి వాల్యూ అంటారా, పద్నాలుగు ర్యాంకుల్లోంచి ఏడు ఎంచుకునే దారులు 3432, వాటిలో 8 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చేవి 65, రెండు వైపులా కలిపి 130. 130ని 3432తో భాగిస్తే 0.038. బెల్ కర్వ్ ఎక్కడా రాలేదు చూశారా.

నా మటుకు నాకు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది డేటా నార్మలా కాదా అన్నది కాదు, మీరు అడుగుతున్నది సగటు గురించా, మామూలు పేషెంట్ గురించా అన్నది. సీఆర్‌పీలో మనకి కావాల్సింది రెండోది, ఎక్కువమందిలో తక్కువగా ఉందా లేదా అని, అందుకే ఇక్కడ ర్యాంక్ సమ్ సరైన సమాధానం ఇచ్చింది. అదే సీఆర్‌పీ బదులు ఆ ఏడుగురి హాస్పిటల్ బిల్లులు వేల రూపాయల్లో ఉన్నాయనుకోండి, 96 వేల బిల్లు వచ్చిన మనిషి కూడా కట్టాల్సిందే కదా, మొత్తం ఖర్చు అంటే సగటు ఇన్‌టూ మనుషులే, అక్కడ ర్యాంకులేసి ఏ పద్ధతి చవక అని రాస్తే తప్పు రాసినట్టే. ఖర్చులు, బెడ్ డేస్ లాంటి వాటికి శాంపిల్ చిన్నదైనా సగటునే పట్టుకోవాలి, సరిపోకపోతే ఎక్కువమందిని తీసుకోవాలి గానీ ర్యాంకుల్లోకి జారుకోకూడదు.

షపీరో-విల్క్ చేసి, పి వాల్యూ 0.05 దాటితే టీ-టెస్ట్, దాటకపోతే ర్యాంక్ సమ్ అని చాలామందికి నేర్పుతున్నారు. ఏడుగురితో ఆ టెస్ట్‌కి పట్టుకునే శక్తే తక్కువ, పాస్ అయినంత మాత్రాన నార్మల్ అని కాదు. సీఆర్‌పీ, ఫెరిటిన్, ఐసీయూలో ఉన్న రోజులు, ఇవి ఒక పక్కకి ఒరుగుతాయని డేటా రాకముందే మనకి తెలుసు, ప్రోటోకాల్‌లోనే ర్యాంక్ సమ్ అని రాసుకోండి. డేటా నిజంగా నార్మల్ అయి ఉంటే నష్టపోతామేమో అంటారు, పెద్ద శాంపిల్ లెక్కలో ర్యాంక్ సమ్ ఎఫిషియెన్సీ టీ-టెస్ట్‌తో పోలిస్తే 95.5 శాతం, ఆ కాస్త తగ్గడానికి నేను ఎప్పుడూ బాధపడలేదు. సైన్ టెస్ట్‌కి మాత్రం అది 64 శాతమే, అందుకే దాన్ని అవసరం ఉన్నచోటే వాడాలి.

ఆ అవసరం ఎక్కడంటే జోడీ డేటాలో, తేడాలే ఒక పక్కకి ఒరిగినప్పుడు. పది మందికి మందుకి ముందు, అయిదో రోజున సీఆర్‌పీ తీశాం. ఎనిమిది మందికి 6, 8, 11, 15, 19, 24, 30, 42 చొప్పున తగ్గింది, ఒకళ్ళకి మార్పే లేదు, ఒకళ్ళకి మధ్యలో వేరే ఇన్‌ఫెక్షన్ వచ్చి 140 పెరిగింది. మార్పు లేని మనిషిని సైన్ టెస్ట్‌లో పక్కన పెట్టేస్తాం, మిగిలింది తొమ్మిది మంది, ఎనిమిది తగ్గినవి ఒకటి పెరిగింది. నాణెం తొమ్మిదిసార్లు ఎగరేస్తే ఇంత ఏకపక్షంగా రావడానికి అవకాశం 512లో 20, అంటే 0.039. `binom.test(8, 9)` కొడితే ఇదే వస్తుంది. ఆ తొమ్మిది తేడాల మీద పెయిర్డ్ టీ-టెస్ట్ చేస్తే 0.93 వస్తుంది. మరి విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ వాడొచ్చు కదా అంటారు, వాడి చూడండి, 0.13. ఎందుకంటే అది తేడాల సైజుకి ర్యాంకులిస్తుంది, 140కి అన్నిటికంటే పెద్ద ర్యాంకు 9 వెళ్ళింది, పైగా అది తేడాలు రెండు పక్కలా సమంగా పరుచుకున్నాయని నమ్ముకుని పనిచేస్తుంది, ఇక్కడ అలా లేవు. సైన్ టెస్ట్‌కి ఆ నమ్మకం అక్కర్లేదు. 1710లో జాన్ అర్బత్నాట్ లండన్ బాప్తిస్మాల లెక్కలు తీసుకుని 82 ఏళ్ళూ అబ్బాయిలే ఎక్కువ పుట్టారని చూపించింది కూడా ఈ లెక్కతోనే, తేడా ఎంత అన్నది ఆయనకి అక్కర్లేకపోయింది.

కానీ ఒక మాట, ఆ 140 పెరిగిన మనిషిని సైన్ టెస్ట్ ఒక మైనస్ గుర్తుగా మాత్రమే లెక్కపెట్టింది. ఆ ఇన్‌ఫెక్షన్ మందు వల్లే వచ్చిందేమో అన్నది ఈ టెస్ట్ అడగదు, ఆ కేసు గురించి థీసిస్‌లో విడిగా ఒక పేరా రాయాల్సిందే. ఇంకోటి, మూడు టెస్టులూ చేసి పి వాల్యూ చిన్నగా వచ్చినదాన్ని పెట్టడం, ఇది మాత్రం దయచేసి వద్దు, పైన మూడు వేరు వేరు జవాబులు వచ్చాయంటే ముందే ఎంచుకోవడం ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

లాగ్ తీసుకుని టీ-టెస్ట్ చెయ్యమని కొందరు గైడ్లు చెప్తారు, మంచి దారే, కానీ మన మొదటి డేటాలో లాగ్ తీశాక కూడా 96 దూరంగానే ఉండి 0.15 వస్తుంది, రీడింగుల్లో సున్నాలుంటే అదీ కుదరదు. మీడియన్ టెస్ట్ అని ఒకటుంది, ఇంత చిన్న శాంపిల్‌కి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ర్యాంక్ సమ్‌ని మీడియన్ల టెస్ట్ అని రాసేస్తుంటారు, అదీ చూసుకోండి. రెండు గ్రూపుల ఆకారం ఒకేలా ఉంటేనే అలా రాయొచ్చు, లేకపోతే బీ రీడింగ్ ఎక్కువున్న జోడీలు 49లో 41 అని రాయడం నిజానికి దగ్గరగా ఉంటుంది. ఎంత తేడా అని ఎగ్జామినర్ అడిగితే ఆ 49 జోడీల తేడాల మీడియన్ చెప్పండి, మన డేటాలో అది 11, `wilcox.test(b, a, conf.int = TRUE)` అంటే దాని ఇంటర్వల్ కూడా ఇస్తుంది.

చివరగా శాంపిల్ మరీ చిన్నదైతే ముందే ఈ లెక్క వేసుకోండి. సైన్ టెస్ట్‌లో అయిదు జోడీలుంటే, అయిదుగురికీ తగ్గినా పి వాల్యూ 32లో 2, అంటే 0.0625, అంతకంటే కిందికి రానే రాదు. ఆరుగురైతే 64లో 2, 0.031. ర్యాంక్ సమ్‌లో మూడు-మూడు ఉంటే ఎంత విడిపోయినా 0.1 దగ్గరే ఆగుతుంది, నాలుగు-నాలుగు అయితే 0.029 దాకా వెళ్ళొచ్చు. పోయినసారి ఒకమ్మాయి అయిదు జోడీలతో వచ్చి మందు పనిచెయ్యలేదని రాసుకుంది, అయిదుగురికీ తగ్గింది, టెస్ట్ మాత్రం ఎన్నటికీ 0.05 దాటి కిందికి రాలేని సైజులో ఉంది. ఇంకో ఇద్దరు పేషెంట్లు దొరికేదాకా ఆగమ్మా, ఈలోపు అయిదుగురి రీడింగులూ టేబుల్‌లో ఉన్నవి ఉన్నట్టు పెట్టు అని చెప్పి పంపించాను.