ఇంటికి ఫోన్: వాట్సాపా, గూగుల్ వాయిసా? ముందు +91 సంగతి చూడండి

2025 మే 5న స్కైప్ మూతపడింది. అప్పటి నుంచి నాకు ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది: అమ్మానాన్నలతో మాట్లాడటానికి వాట్సాప్ ఉంది, మరి ఊళ్లో బటన్ ఫోన్ వాడే తాతయ్యకు, హైదరాబాద్‌లో బ్యాంకు ల్యాండ్‌లైన్‌కు దేంతో చెయ్యాలి? అడిగేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉన్నవాళ్లే కాబట్టి అక్కడి సంగతే వివరంగా చెబుతాను. బ్రిటన్, గల్ఫ్ వాళ్ల మాట మధ్యలో, చివర్లో వస్తుంది.

నిమిషానికి ఎంత పడుతుంది అన్నదాన్ని బట్టి యాప్ ఎంచుకునే రోజులు పోయాయి. ఇప్పుడు నేను చూసేది రెండే. అవతలివాళ్ల దగ్గర మామూలు ఫోన్ ఉంటే చాలా, లేక వాళ్లకూ అదే యాప్, నెట్ ఉండాలా? మనం సేవ్ చేసుకున్న నంబరును ఆ యాప్ ఏ దేశపు నంబరుగా చదువుకుంటుంది? ఈ రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. "కాల్ కలవడం లేదు, ఈ యాప్ పనికిరాదు" అంటూ నాకు వచ్చే ఫిర్యాదులు చాలావరకు తేలేది మాత్రం అక్కడే.

వాట్సాప్‌తో మొదలుపెడదాం. ఇందులో కాల్ యాప్ నుంచి యాప్‌కే వెళ్తుంది. అవతల డేటా ఆపేసి ఉన్నా, ఊళ్లో సిగ్నల్ పోయినా మోగదు. అది మోగుతోందో లేదో తెరమీదే తెలుస్తుంది. `Ringing` అని వస్తే వాళ్ల ఫోన్ దాకా చేరినట్టు. `Calling` దగ్గరే ఆగిపోయిందంటే ఇంకా చేరలేదన్నమాట, అప్పుడు పదిసార్లు నొక్కి లాభం లేదు. నంబరు విషయంలో వాట్సాప్‌కు ఒక పద్ధతి ఉంది. కాంటాక్టులో + గుర్తు, దేశం కోడ్ లేకపోతే దాన్ని మీ వాట్సాప్ ఏ దేశం నంబరు మీద ఉందో ఆ దేశపు నంబరుగానే తీసుకుంటుంది. ఇండియా నంబరు మీద వాట్సాప్ ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ నంబరు ఉత్త పది అంకెలతో ఉన్నా ఇబ్బంది రాదు. అమెరికా వచ్చి కొత్త సిమ్ తీసుకుని, వాట్సాప్‌ను ఆ నంబరుకు మార్చిన రోజున మొదలవుతుంది గొడవ. పాత చాట్లు ఉంటాయి గానీ పేర్లు పోయి నంబర్లు మిగులుతాయి. కొత్తగా ఎవరికైనా చేద్దామని వెతికితే సగంమంది జాబితాలోనే కనపడరు. వాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేశారేమోనని కంగారుపడకండి. మీ ఫోన్లో వాళ్ల నంబరు ముందు +91 లేదు, అంతే.

అది ఎలా జరుగుతుందో ఒక నంబరు పట్టుకుని చూద్దాం. మన దగ్గర 9848తో మొదలయ్యే పాత మొబైల్ నంబర్లు బోలెడు. మీ మామయ్య నంబరు 98480 1xxxx అనుకోండి. దాన్ని అలాగే సేవ్ చేసుకున్నారు. అమెరికా నంబర్లకూ పది అంకెలే కాబట్టి అక్కడి యాప్ దాన్ని (984) 801-xxxx అని విడగొట్టి చదువుతుంది. 984 నిజంగానే ఉన్న ఏరియా కోడ్, నార్త్ కరోలినాలో రాలీ చుట్టుపక్కలది. ఆ ప్రాంతంలో మనవాళ్లు బాగానే ఉన్నారు గనక అవతల తెలుగులోనే "ఎవరండీ?" అని వినపడినా ఆశ్చర్యం లేదు, కానీ ఆయన మీ మామయ్య మాత్రం కాదు. దీన్ని పట్టుకునే తేలిక దారి నంబరు కనిపించే తీరు. మొదటి మూడంకెలు బ్రాకెట్లో పడ్డాయంటే యాప్ దాన్ని అమెరికా నంబరు అనుకుంటోంది. +91 98480 1xxxx అని విడిగా కనపడితే సరిగ్గా చదివింది.

బ్రిటన్‌లో ఇదే పొరపాటు ఇంకో వేషంలో వస్తుంది. 2021 జనవరి 15 నుంచి ఇండియాలో ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చెయ్యాలంటే ముందు సున్నా తప్పనిసరి. కాబట్టి ఇంట్లో డైరీల్లో, పెళ్లిపత్రికల మీద సున్నాతో రాసిన మొబైల్ నంబర్లు కనిపిస్తాయి. 098480తో మొదలయ్యే ఆ పదకొండు అంకెలు బ్రిటన్ నంబరులాగే ఉంటాయి. అక్కడ 09తో మొదలయ్యేవి ప్రీమియం రేటు నంబర్లు. కాల్ కలవకపోతే అదృష్టమే అనుకోవాలి.

ఇక గూగుల్ వాయిస్. తాతయ్య బటన్ ఫోన్‌కు, ఇంట్లో ల్యాండ్‌లైన్‌కు, నెట్ ఆపేసుకుని పడుకున్న అత్తయ్యకు చెయ్యాలంటే నా ఓటు దీనికే. మన వైపు ఇంటర్నెట్ ఉంటే చాలు, అవతల మామూలు ఫోన్ మోగుతుంది. ఇండియాకు నిమిషానికి ఒక సెంటు. ముందుగా పది డాలర్ల క్రెడిట్ వేసుకుంటే నెలల తరబడి వస్తుంది. మామూలు వ్యక్తిగత ఖాతా అమెరికాలో ఉన్నవాళ్లకే ఇస్తారు, దానికి జతచెయ్యడానికి ఒక అమెరికా ఫోన్ నంబరు కూడా కావాలి. అందుకే ఇంకా సిమ్ తీసుకోని విద్యార్థులకు మొదటి వారంలో పనికిరాదు.

దీనితో ఒక చిక్కుంది. గూగుల్ వాయిస్‌లో అమెరికాలోపలి కాల్స్ ఉచితం. కాబట్టి +91 లేకుండా పది అంకెలు నొక్కితే తప్పు అని చెప్పేవాళ్లుండరు, ఏ పరాయివాళ్లకో హాయిగా ఉచితంగా కలిపేస్తుంది. ఇండియాకు కాసేపు మాట్లాడినా క్రెడిట్‌లో పైసా తగ్గలేదంటే సంతోషించకండి, మీ కాల్ అమెరికా దాటలేదు. డయల్ ప్యాడ్‌లో సున్నాను నొక్కిపట్టుకుంటే + వస్తుంది. దాంతో మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి.

+ బదులు 011 వాడితే కలవదా అంటే, అమెరికా నుంచి కలుస్తుంది. కానీ సేవ్ చేసుకునేటప్పుడు 011 వద్దు. అది అమెరికా నుంచి బయటికి చేసే కోడ్, బ్రిటన్‌లో, గల్ఫ్‌లో 00. ఇండియాలోనైతే 011 ఢిల్లీ ఎస్టీడీ కోడ్! సెలవులకు ఇంటికెళ్లి అక్కడి సిమ్ వేసుకుని 011-91తో సేవ్ చేసిన నంబరు నొక్కితే ఫోన్ ఢిల్లీ వైపు చూస్తుంది. + మాత్రం ఏ దేశంలో ఉన్నా ఒకటే.

ల్యాండ్‌లైన్ నంబర్ల దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. విజిటింగ్ కార్డు మీద 040-2xxx xxxx అని ఉంటుంది. దాని ముందు +91 తగిలించి +91 040 అని కొడతారు, కలవదు. ఆ సున్నా దేశం లోపల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేసేటప్పటిది, బయటినుంచి వచ్చే కాల్‌కు అది ఉండకూడదు. హైదరాబాద్‌కు +91 40, ఆపైన ఎనిమిదంకెలు. విజయవాడ 0866 కాబట్టి +91 866, ఆపైన ఏడంకెలు. విశాఖపట్నం +91 891, తిరుపతి +91 877, వీటికీ ఏడే. ఎస్టీడీ కోడ్ పెరిగినకొద్దీ నంబరు తగ్గుతుంది, కలిపితే ఎప్పుడూ పదే. అంటే మొబైల్ అయినా ల్యాండ్‌లైన్ అయినా + తరవాత పన్నెండు అంకెలుండాలి. అనుమానం వచ్చినప్పుడు నేను చేసేది లెక్కపెట్టుకోవడమే. పదమూడు వచ్చాయంటే ఎక్కడో సున్నా మిగిలింది. పది వచ్చాయంటే నంబరే 91తో మొదలైందేమో చూసుకోండి. 91తో మొదలయ్యే మొబైల్ నంబర్లు మనకున్నాయి. వాటిలోని 91 దేశం కోడ్ అనుకుని ముందు ఉత్త + పెట్టేస్తారు. వాటికి +91 91 అని రెండుసార్లు రావాల్సిందే.

ఎవరి నంబరైనా సేవ్ చేసుకోకుండానే వాట్సాప్‌లో ఉందో లేదో చూడాలంటే బ్రౌజర్లో ఇలా కొట్టండి. ఇక్కడ మాత్రం + వద్దు, మధ్యలో ఖాళీలూ గీతలూ వద్దు, పన్నెండు అంకెలూ వరసగా రావాలి:

```
https://wa.me/9198480xxxxx
```

బ్యాంకు, గ్యాస్, బీమా వాళ్ల 1800 నంబర్ల గురించి విడిగా చెప్పాలి. అవి ఇండియాలోపల చెయ్యడానికి పెట్టినవి. ముందు +91 పెట్టినా బయటినుంచి సాధారణంగా కలవవు. +91 లేకుండా కొడితే ఇంకా ప్రమాదం. మన దగ్గర టోల్‌ఫ్రీ నంబర్లు చాలా 1800 425తో మొదలవుతాయి. అదే వరసను అమెరికాలో నొక్కితే 1-800-425 అనే అక్కడి టోల్‌ఫ్రీ నంబరు అవుతుంది. ఎత్తింది మన బ్యాంకు అనుకుని ఖాతా వివరాలు చెప్పడం మొదలుపెట్టారంటే ఎంత ముప్పో ఊహించుకోండి. కార్డు వెనకో బ్యాంకు వెబ్‌సైట్లో ఎన్నారైల పేజీలోనో విదేశాల నుంచి చెయ్యడానికి +91తో వేరే నంబరు ఇస్తారు. గూగుల్ వాయిస్‌లో వాడాల్సింది అది.

అవతలివైపు ఏం కనపడుతుందన్నది కూడా యాప్ ఎంపికలో భాగమే. కొన్ని యాప్‌లు కాల్ చేసేటప్పుడు మీ సొంత నంబరు చూపించే సౌకర్యం ఇస్తాయి. పాత ఇండియా నంబరు పెట్టుకుంటే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టి ఎత్తుతారు కదా అని చాలామందికి ఆశ. అది ఇప్పుడు కుదరదు. విదేశాల నుంచి వస్తూ +91 నంబరు చూపించే దొంగ కాల్స్‌ను ఆపడానికి కేంద్ర టెలికం శాఖ 2024 అక్టోబరులో ఒక వ్యవస్థ మొదలుపెట్టింది. మీది నిజాయితీ కాలే అయినా యాప్ ద్వారా +91తో వెళ్తే అందులోనే చిక్కుకోవచ్చు. కాబట్టి అమెరికా నంబరే కనపడనివ్వండి. గూగుల్ వాయిస్‌లో కనపడేది మీ వాయిస్ నంబరు. డిజిటల్ అరెస్టు మోసాల వార్తలు విన్నాక ఇంట్లో పెద్దవాళ్లు తెలియని + నంబరు వస్తే ఎత్తడం మానేశారు, మంచిదే. అందుకే వాయిస్ నంబరును వాళ్ల ఫోన్లో +1తో సహా మీ పేరు మీద సేవ్ చేయించాలి. మనవైపు +91 ఎంత అవసరమో వాళ్లవైపు +1 అంతే అవసరం.

మిగతావి క్లుప్తంగా. రెబ్‌టెల్, వైబర్ అవుట్ కూడా మామూలు ఫోన్లకు చేసేవే, అమెరికా బయట ఉన్నవాళ్లకు ఇవే దిక్కు. వీటిలో రెబ్‌టెల్‌ను నేను ముందు పెడతాను, మన వైపు నెట్ బాగాలేనప్పుడు స్థానిక నంబరు ద్వారా కూడా కలుపుతుంది. రేట్లు మారుతుంటాయి, వేసుకునేముందు ఇండియా మొబైల్, ల్యాండ్‌లైన్ ధరలు రెండూ చూడండి. దుబాయ్, అబుదాబిల్లో వాట్సాప్ కాల్స్ పనిచెయ్యవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటివి వాడాలి, ఇంట్లోవాళ్ల ఫోన్లోనూ అదే వేయించాలి. దేశం పేరు పక్కన జెండా చూపించి కోడ్ తానే పెట్టుకునే యాప్ అయితే కింద పది అంకెలే కొట్టండి, అక్కడ +91 మళ్లీ పెడితే పన్నెండు కాస్తా పద్నాలుగవుతాయి.