జీసీఎస్ 13 అని రాయాలా, E3 V4 M6 అని రాయాలా: ఏది మేలు?

జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్, పేషెంట్‌కి స్పృహ ఎంత ఉందో చెప్పే స్కోర్. హ్యాండోవర్‌లో "సిస్టర్, జీసీఎస్ పదమూడు" అనేస్తే పని అయిపోతుంది, చార్టులో ఒక్క గడి నింపితే చాలు. కళ్లకి E, మాటకి V, కదలికకి M అని విడివిడిగా రాయాలంటే ఇంకో పది సెకన్లు పడుతుంది. నేను ఆ పది సెకన్ల వైపే. ఎందుకో చెప్తాను.

బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషి అనుకోండి. రాత్రి 10 గంటలకు మగతగా ఉన్నాడు, పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు (3), వాక్యాల్లోనే మాట్లాడుతున్నాడు గానీ ఎక్కడున్నాడో తప్పు చెప్తున్నాడు (4), "రెండు వేళ్లు చూపించండి" అంటే చూపిస్తున్నాడు (6). మొత్తం 13. అరగంటకి మళ్లీ చూస్తే కళ్లు తనంతట తనే తెరిచి ఉన్నాడు (4), మాట అలాగే ఉంది (4), మంచం మీద ఒకటే దొర్లుతున్నాడు, చెప్పింది మాత్రం చెయ్యట్లేదు, మెడకీ భుజానికీ మధ్య కండ పట్టి గట్టిగా నొక్కితే చెయ్యి అక్కడిదాకా తెచ్చి మన చేతిని తోసేస్తున్నాడు (5). మొత్తం మళ్లీ 13!

మొత్తం ఒక్కటే రాసిన చార్టు చూస్తే "మార్పు లేదు" అనిపిస్తుంది. E4 V4 M5 అని రాస్తే కదలిక ఒక మెట్టు దిగిందని కనిపిస్తుంది, దానికి తోడు ఈ కొత్త అలజడి. మూడింటిలో కదలిక స్కోరుకే బరువెక్కువ, కాబట్టి ఇంకో సిస్టర్‌తో ఒకసారి చూపించుకుని, కంటిపాపలు, బీపీ, పల్స్ చూసి వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. తర్వాతి అరగంట దాకా ఆగకూడదు. అన్నట్టు, "నా చెయ్యి పట్టుకోండి" అని మాత్రం పరీక్షించొద్దు, స్పృహ సరిగా లేనివాళ్లు కూడా అరచేతిలో ఏది పెడితే అది పట్టేసుకోవచ్చు, మనం 6 వేసేస్తాం.

గొంతులో ట్యూబ్ ఉన్న పేషెంట్ దగ్గర తేడా ఇంకా తెలుస్తుంది. మాట్లాడలేడు కదా అని V1 వేసి కూడితే నిన్నటి 14 ఇవాళ 11 అవుతుంది, అతను బాగానే ఉన్నా రాత్రి డ్యూటీవాళ్లకి టెన్షన్. అక్కడ అంకె వెయ్యకుండా NT అని, అంటే పరీక్షించలేకపోయాం అని రాసి, పక్కన "ట్యూబ్" అని కారణం పెట్టాలి, మొత్తం వెయ్యనే వెయ్యొద్దు. వాపుతో కళ్లు మూసుకుపోయినా అంతే. ఒడియా మాత్రమే వచ్చిన కూలీని తెలుగులో అడిగి, జవాబు రాలేదని మార్కులు తగ్గించడం కూడా ఇలాంటి తప్పే, ముందు ఆ భాష తెలిసినవాళ్లని పిలవండి.

మొత్తం అంకె పనికిరాదని కాదు. మూడూ పరీక్షించగలిగినప్పుడు ఫోన్‌లో "పదమూడు, E4 V4 M5, అరగంట కింద M6" అని రెండూ కలిపి చెప్తే డాక్టర్‌కి తేలిక. డ్యూటీ మారేటప్పుడు మాత్రం చార్టు చదివి వదిలెయ్యకుండా, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ మంచం దగ్గర కలిసి ఒకసారి స్కోర్ చెయ్యండి, మీ 5 వాళ్లకి 4 లాగా కనిపిస్తుంటే అది అక్కడే తేలిపోతుంది.