కార్ట్‌లో 492, చెల్లింపులో 623: ఏడాది వాడాక ఒక సరుకుల యాప్‌పై నా అభిప్రాయం

మధురవాడలోని మా ఇంటికి పాలు, పెరుగు, పప్పులు, నూనె వంటివి ఏడాదికి పైగా ఈ యాప్ ద్వారానే తెప్పించుకుంటున్నాను. సరుకులు ఎలా ఉంటాయో, ఎంత త్వరగా వస్తాయో విశాఖలో వాడేవారందరికీ తెలుసు కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను. నన్ను నిజంగా బాధించినది ఒక్కటే. కార్ట్‌లో పెద్ద అక్షరాలతో చూపించే మొత్తం డబ్బు కట్టే క్షణం దాకా నిలబడడం లేదు.

గత నెలలో ఒక శనివారం సాయంత్రం మర్నాడు ఇంటికి చుట్టాలు వస్తున్నారని 612 రూపాయల సరుకులు ఎంచుకున్నాను. 599 దాటితే 120 తగ్గింపు ఇచ్చే కూపన్ ఒకటి రాత్రి 8 గంటల వరకు చెల్లుతుందని ఉంటే అది పెట్టాను. కార్ట్‌లో 492 అని కనిపించింది, దాని పైనే 499 దాటిన ఆర్డర్లకు డెలివరీ ఉచితం అన్న పచ్చటి పట్టీ కూడా ఉంది. చిరునామా ఎంచుకుని చెల్లింపు పేజీకి వెళ్లేసరికి ఆ మొత్తం 539 రూపాయల 20 పైసలు అయింది. బిల్లు వివరాలు తెరిచి చూస్తే డెలివరీకి 30, హ్యాండ్లింగ్ చార్జీకి 10, ఆ నలభై మీద 18 శాతం జీఎస్టీ కింద 7.20 కలిపారు.

సరుకుల మీదే మళ్లీ పన్ను వేశారని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. ప్యాకెట్ మీద ముద్రించిన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. చివర్లో కనిపించే పన్ను ఈ రుసుముల మీద వేసినది. ఇక డెలివరీ ఉచితం ఎందుకు పోయిందంటే, ఆ 499 హద్దును కూపన్ తగ్గింపు తీసేయకముందు ఉన్న 612తో కాకుండా, తీసేశాక మిగిలిన 492తో పోల్చారు. ఏడు రూపాయలు తక్కువైనందుకు డెలివరీ రుసుము పడిందన్నమాట. పది రూపాయల కొత్తిమీర కట్ట ఒకటి కలిపి ఉంటే మొత్తం 513.80తో తేలిపోయేది, అంటే సరుకు ఎక్కువ వచ్చి బిల్లు పాతిక రూపాయలు తగ్గేది. ఈ లెక్క కార్ట్‌లోనే చెప్పడానికి యాప్‌కు వచ్చిన ఇబ్బంది ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సరే అనుకుని యూపీఐతో కట్టబోతే, బ్యాంకు సర్వర్ స్పందించక చెల్లింపు విఫలమైంది, డబ్బు మాత్రం కట్ కాలేదు. మళ్లీ ప్రయత్నించమన్న బటన్ నొక్కితే బిల్లు పేజీ చూపించకుండానే నేరుగా యూపీఐ యాప్ తెరుచుకుంది. పిన్ అడిగే చోట ఉన్న మొత్తం 623.80. అప్పటికి 8 దాటింది. కూపన్‌ను పెట్టినప్పుడు ఒకసారి, డబ్బు కట్టే ముందు మరొకసారి సరిచూస్తారు. రెండోసారి సరిచూసినప్పుడు గడువు ముగిసినందున 120 తగ్గింపు పోయింది, మొత్తం 612 అయి 499 హద్దు దాటింది కనుక డెలివరీ ఉచితమైంది, హ్యాండ్లింగ్ చార్జీ, దాని పన్ను కలిసి 11.80 మిగిలాయి. లెక్కలో తప్పు లేదు. కానీ కూపన్ తీసేశామని ఒక్క ముక్క కూడా చెప్పకుండా పిన్ దాకా తీసుకెళ్లడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. పిన్ కొట్టకుండా వెనక్కి వచ్చి, సరుకులు వీధి చివరి కిరాణా కొట్టులో తెచ్చుకున్నాను.

మూడు స్క్రీన్‌షాట్లతో యాప్‌లోని సహాయ విభాగానికి రాస్తే, కూపన్‌కు కాలపరిమితి ఉందన్న సమాధానం వచ్చింది. గడువులోపలే చెల్లింపు మొదలుపెట్టానన్న నా మాటకు జవాబు రాలేదు. ధరను ముందే పూర్తిగా చెప్పకుండా చివర్లో బయటపెట్టడాన్ని డ్రిప్ ప్రైసింగ్ పేరుతో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 మార్గదర్శకాలలో నిషేధిత పద్ధతుల్లో చేర్చింది. ఆ సంగతి ప్రస్తావిస్తూ 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాక, అదే తగ్గింపుతో కొత్త కూపన్ ఒకటి నా ఖాతాలో చేరింది. స్క్రీన్‌షాట్లలో సమయం కనిపించడం వల్లే అది సాధ్యమైందని నా నమ్మకం.

బిల్లు స్పష్టంగా ఉంటుందని మొదట్లో బంధువులకు నేనే చెప్పాను. కూపన్ పెట్టని చిన్న ఆర్డర్ల వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే, ఎందుకంటే అక్కడ మారేది రుసుములే, అవీ ఇటీవల కార్ట్‌లోనే కనిపిస్తున్నాయి. గడువు దగ్గరపడిన కూపన్ ఉన్న ఆర్డర్‌కు మాత్రం ఆ మాట చెప్పలేను. మోకాళ్ల నొప్పులతో బయటికి వెళ్లలేని అమ్మ ఇంట్లో ఉన్నందున నేను ఈ యాప్ మానేయడం లేదు. పిన్ పేజీలో మొత్తం చూశాకే కడుతున్నాను, మారితే ఆర్డర్ వదిలేస్తున్నాను. ఎంవీపీ కాలనీ రైతు బజారుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నవారికి కూరగాయల కోసమైతే దీని అవసరం పెద్దగా లేదనిపిస్తుంది.