లోగో ఖాయం చేసే ముందు: సన్నగీతల బొమ్మా, దిట్టమైన బొమ్మా?

"రెండు డ్రాఫ్టులున్నాయి, ఏది తీసుకోమంటారు?" అని లోగోలు పంపేవాళ్లు ఎక్కువయ్యారు. వచ్చేవి దాదాపు ఒకే తరహా జంటలు కాబట్టి ఒక పిట్ట లోగోతో చెప్తాను. మొదటిదాంట్లో రెక్క మీద ఐదు సన్నగీతలు, నీలంలోంచి ఆకుపచ్చలోకి జారే గ్రేడియెంట్. రెండోది ఒకే రంగు ముద్ద, రెక్కకీ ఒంటికీ మధ్య ఒకే ఒక్క ఖాళీ. స్క్రీన్ మీద పెద్దగా చూస్తే మొదటిదే అందంగా ఉంటుంది, అందులో సందేహం లేదు.

నేను మాత్రం ముందు చూసేది అందులోని అతి సన్నని ఖాళీ మొత్తం వెడల్పులో ఎన్నో వంతు అని. మొదటి పిట్టలో గీతల మధ్య ఖాళీ వెడల్పులో 80వ వంతు. రెండోదాంట్లో 12వ వంతు. బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే చిన్న బొమ్మ, అదే ఫేవికాన్, 16 పిక్సెళ్లు అనుకుంటే మొదటిదాని ఖాళీకి దక్కేది 0.2 పిక్సెల్. ఐదు గీతలూ కలిసి మసక మచ్చ అవుతాయి. రెండోదానికి 1.3 పిక్సెళ్లు వస్తాయి, అంటే రెక్క ఎక్కడుందో తెలుస్తుంది. అయితే ఆ 0.3 వల్ల అంచు కాస్త మసకబారుతుంది కాబట్టి, 16 పిక్సెళ్ల గడి మీద ఖాళీని సరిగ్గా 2 పిక్సెళ్లుగా విడిగా గీయించుకోవాలి. పెద్ద ఫైల్‌నే కుదించి పెడితే ఆ పదును రాదు.

ఇదే లెక్క అట్టపెట్టె మీద ఇంకా కఠినం. అట్టపెట్టెలు ఎక్కువగా ఫ్లెక్సో అనే అచ్చు పద్ధతిలో అచ్చవుతాయి. మెత్తటి ప్లేటు అట్టకి ఒత్తుకున్నప్పుడు ఇంకు గీత అంచు దాటి పక్కకి జరుగుతుంది. లోగో 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే మొదటి పిట్టలో ఖాళీ అర మిల్లీమీటర్. ఇంకు ఒక్కో పక్క 0.15 చొప్పున పాకిందనుకుంటే మిగిలేది 0.2. అట్ట నునుపుగా లేనిచోట అదీ మూసుకుపోతుంది. రెండో పిట్టలో ఖాళీ 3.3 మిల్లీమీటర్లు కాబట్టి అంత ఇంకు పాకినా 3 మిగులుతుంది.

దీన్ని ప్రెస్‌కి వెళ్లకముందే చూసుకోవచ్చు. లోగోని అచ్చయ్యే సైజుకి తెచ్చి, ఇలస్ట్రేటర్‌లో ఆఫ్‌సెట్ పాత్‌తో 0.15 మిల్లీమీటర్లు బయటికి పెంచండి. ఏ ఖాళీలు మూసుకున్నాయో అక్కడే కనబడుతుంది. ఎంత పెంచాలన్నది ప్రెస్‌ని బట్టి మారుతుంది, కాబట్టి అచ్చువేసేవాళ్లనే అడగడం మంచిది. ఆఫీసు లేజర్ ప్రింట్ చూసి నిశ్చింతగా ఉండకండి, అందులో ఇంకు ఇలా పాకదు.

లోగో ఒకే రంగులో నిలుస్తుందా అని చూసే పరీక్షలో చాలామంది పొరబడేది గ్రేస్కేల్ దగ్గర. గ్రేస్కేల్‌లో బూడిదరంగు ఛాయలుంటాయి, అవి అచ్చులో చుక్కలుగా పడతాయి. పరీక్ష అంటే పూర్తి నలుపు, లేదంటే ఏమీ లేకపోవడం. అలా పెట్టగానే మొదటి పిట్టలో నీలానికీ ఆకుపచ్చకీ తేడా పోతుంది. పోనీ చుక్కలతోనే గ్రేడియెంట్ వేయిద్దామంటే, ఫ్లెక్సోలో మరీ చిన్న చుక్కలు నిలవవు. రంగు మెల్లగా పలచబడాల్సిన చోట గీత గీసినట్టు తెగిపోతుంది. గోధుమరంగు అట్ట మీదైతే "తెలుపు" అనుకున్నదంతా గోధుమరంగే, నీలం కూడా మట్టిపట్టినట్టు అవుతుంది.

ముదురు రంగు మీద తెల్ల లోగోకి చిక్కు మరోలా ఉంటుంది. స్క్రీన్ మీద తెల్లబొమ్మ అసలు కంటే కాస్త లావుగా అనిపిస్తుంది. అచ్చులో చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకి అదే బొమ్మని సన్నం చేస్తుంది. అందుకే తెల్ల వెర్షన్ ఒక్కటి చాలదు, ప్యాకింగ్‌కి కాస్త లావు చేసింది వేరే ఉండాలి.

వట్టి అక్షరాల లోగో కూడా నడుస్తుంది, ఫేవికాన్‌కి మొదటి అక్షరం తీసుకుంటే సరి. తెలుగు అక్షరమైతే తలకట్టుకీ కింది గుండ్రానికీ మధ్య ఖాళీ చూసుకోండి. గుండ్రటి బిళ్లలో చుట్టూ పేరు రాసే రకం గురించి చెప్పడానికేం లేదు, చిన్న సైజులో ఆ రాత చదవడం ఎవరి తరమూ కాదు.

మొదటి పిట్ట మీదే మనసుంటే, సరుకు ప్యాకింగ్ లేని వ్యాపారమైతే తీసుకోండి. అప్పుడూ గీతలు తీసేసిన చిన్న వెర్షన్ గీయించుకోక తప్పదు. గీతలు తీశాక అది ఎలాగూ రెండో పిట్టలాగే కనిపిస్తుంది.