ఒక మతం తర్వాత ఇంకోటా, అంశం తర్వాత అంశమా? 50 నిమిషాల పోలిక ఎస్సేకి ఏది మేలు?

ప్రపంచ మతాల పేపర్లో ఇలాంటి ప్రశ్న తగలడం మామూలే: "హిందూ మతం చెప్పే మోక్షం, బౌద్ధం చెప్పే నిర్వాణం ఒకటేనా? చర్చించండి." చేతిలో 50 నిమిషాలున్నాయనుకుందాం. రెండింటి గురించీ తెలిసిన విద్యార్థి కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటాడు. తెలిసినదాన్ని ఏ వరుసలో పెట్టాలో తేల్చుకోకముందే పెన్ను కదిలించడమే అందుకు కారణం.

వరుసలు ప్రధానంగా రెండు. ఒక మతం గురించి పూర్తిగా రాసి, తర్వాత రెండోదాని గురించి రాసి, చివర్లో పోల్చడం మొదటిది. దీన్ని వరుస పద్ధతి అందాం. నాలుగు అంశాలు తీసుకుని, ప్రతి అంశం దగ్గరా రెండు మతాలనూ పక్కపక్కన నిలబెట్టడం రెండోది, అంటే అంశాల పద్ధతి. "ఒకటేనా", "పోల్చండి", "ఎంతవరకు" అని అడిగిన ప్రశ్నకు అంశాల పద్ధతే మేలు. వరుస పద్ధతి గెలిచే సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

వరుస పద్ధతిలో ప్లాన్‌కు 4 నిమిషాలు చాలు, పెన్ను త్వరగా కదులుతుంది. చాలామంది దాన్ని ఎంచుకునేది ఈ సౌకర్యం కోసమే. చిక్కు సగం దాటాక వస్తుంది. మొదట రాసే మతం సాధారణంగా మనకు బాగా తెలిసినది కాబట్టి 18 నిమిషాల్లో ముగించాల్సింది 25కి పాకుతుంది. రెండో మతం 15 నిమిషాల్లో ఇరుక్కుంటుంది. పోలికకు మిగిలేది మూడు నాలుగు నిమిషాలు. ప్రశ్న అడిగిందేమో పోలిక! ఎగ్జామినర్ చేతికి రెండు చిన్న వ్యాసాలు, వాటి కింద హడావుడిగా రాసిన ఒక పేరా వెళతాయి. టైమ్ అయిపోతే ఆ పేరా కూడా ఉండదు.

అంశాల పద్ధతిలో ప్లాన్‌కే 9 నిమిషాలు పోతాయి. ఆ తర్వాత ఇంట్రోకు 3, నాలుగు అంశాలకు ఎనిమిదేసి చొప్పున 32, ముగింపుకు 3, చదువుకోవడానికి 3. మొదటి తొమ్మిది నిమిషాలు పక్కవాళ్లు రాస్తూ ఉంటే మనం రఫ్ పేజీ మీదే ఉండటం కష్టంగానే ఉంటుంది. అయినా ఏ క్షణంలో గంట కొట్టినా అప్పటిదాకా రాసిన ప్రతి పేరాలోనూ పోలిక పూర్తయి ఉంటుంది. పోతే ఒక అంశం పోతుంది, జవాబు పోదు.

ఎనిమిది నిమిషాల్లో మీ చేయి ఎన్ని పంక్తులు రాస్తుందో పరీక్షకు ముందే కొలిచి పెట్టుకోండి. తెలిసిన విషయమే తీసుకుని, గడియారం పెట్టుకుని, పుస్తకం చూడకుండా రాయండి. 14 పంక్తులు వస్తే మీ పేరా 14 పంక్తులే, ప్లాన్‌లో అంతకు మించి కూరకండి. తొమ్మిదో పదో వస్తే మూడు అంశాలే తీసుకుని ఒక్కోదానికి 10 నిమిషాలు ఇవ్వండి.

ఇక ప్లాన్ చూద్దాం. అంశాల పద్ధతి నిలబడినా కూలినా ఇక్కడే. రఫ్ పేజీని నిలువుగా రెండు గళ్లు చేసి, ఎడమ అంచున అంశాల పేర్లు రాస్తాం. ఆ పేర్లు ఒకే మతం సొత్తుగా ఉండకూడదు. "ఆత్మ", "దేవుడు", "భక్తి" అని పెట్టుకుంటే బౌద్ధం గడిలో "లేదు", "లేదు" అని రాసుకుంటూ పోవాలి. ఆ ఎస్సే చదివితే బౌద్ధం అంటే హిందూ మతంలోంచి కొన్ని తీసేయగా మిగిలినదన్నట్టు ఉంటుంది. ఒక గడిలో "లేదు" రెండుసార్లు పడిందంటే పేరు మార్చాల్సిందే. పేర్లకు బదులు ప్రశ్నలు పెట్టుకుంటే ఈ ఇబ్బంది రాదు. మన ప్రశ్నకు ఈ నాలుగు సరిపోతాయి: విడుదల దేని నుంచి? ఎవరికి? ఏ దారిన? చేరాక ఏమిటి?

గళ్లు నింపేముందు ఎవరి మాట రాస్తున్నామో తేల్చుకోవాలి. "హిందూ మతం ఇలా అంటుంది" అన్న వాక్యానికి ఈ ప్రశ్నలో విలువ తక్కువ. శంకరుల అద్వైతంలో మోక్షమంటే జీవుడు బ్రహ్మమేనని తెలియడం. రామానుజుల విశిష్టాద్వైతంలో ముక్తుడు తన వేరుతనం పోగొట్టుకోకుండా వైకుంఠంలో నారాయణుడి సేవలో ఉంటాడు. ఇవి రెండు వేర్వేరు జవాబులు. బౌద్ధంలోనూ థేరవాదం చెప్పేదీ మహాయానం చెప్పేదీ ఒకటి కాదు. 50 నిమిషాల్లో నాలుగింటినీ మోయలేం. అద్వైతాన్నీ థేరవాదాన్నీ ముందు పెట్టుకుని, రామానుజులను ఒక్కచోట మాత్రం పిలుద్దాం. ఆ సంగతి ఇంట్రోలో ఒక వాక్యంలో చెప్పేస్తే పరిధి తెలిసే గీసుకున్నామని ఎగ్జామినర్‌కు అర్థమవుతుంది.

"దేని నుంచి" అన్నచోట రెండూ సంసారం నుంచే అంటాయి. దాని వేరు అద్వైతానికి అవిద్య. థేరవాదానికి తృష్ణ, దాని వెనక మళ్లీ అవిద్యే. "దారి" దగ్గర ఒక గడిలో జ్ఞానం, రెండో గడిలో అష్టాంగ మార్గం. ఈ రెండు వరుసలకూ ప్లాన్‌లో ముక్కలు చాలు. ఎక్కువసేపు ఆలోచించాల్సింది "ఎవరికి" దగ్గర, ఎందుకంటే "ఒకటేనా" అన్న ప్రశ్న తేలేది అక్కడే. ఆ పేరా ఇలా ఉండొచ్చు:

"అద్వైతంలో ముక్తుడు కొత్తగా దేన్నీ పొందడు, తాను ఎప్పుడూ బ్రహ్మమేనని తెలుసుకుంటాడు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన 'తత్త్వమసి'ని శంకరులు ఇలాగే చదివారు. థేరవాదం ప్రశ్ననే పక్కకు తిప్పుతుంది. అనత్తలక్ఖణ సుత్తంలో బుద్ధుడు రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాలనూ ఒక్కొక్కటిగా తీసుకుని, దేన్నీ 'ఇది నేను' అనడానికి లేదంటాడు. శరీరమూ మనసూ 'నేను' కాదని అద్వైతం కూడా ఒప్పుకుంటుంది, అంతవరకు రెండూ కలిసే నడుస్తాయి. కానీ అవన్నీ పక్కన పెట్టాక మిగిలేదే ఆత్మ అని అద్వైతం అంటే, అలా మిగిలినదాన్ని 'నేను' అని పట్టుకోవడానికి థేరవాదం ఒప్పుకోదు."

ఇందులో ఒక మతం నుంచి ఇంకో మతానికి మారింది ఒక్కసారే, మూడో వాక్యంలో. చివరి రెండు వాక్యాల్లో రెండూ కలిసి ఉన్నాయి, ఒక దానిలో పోలిక, ఇంకో దానిలో తేడా. అంశాల పద్ధతి చెడేది ఈ లెక్క తప్పినప్పుడే. "హిందూ మతంలో ఇలా, బౌద్ధంలో అలా, మళ్లీ హిందూ మతంలో" అంటూ ప్రతి వాక్యానికీ గెంతితే ఏ మతమూ పూర్తిగా అర్థం కాదు. ఒక పేరాలో ఒక్క మలుపు, తర్వాత రెండూ కలిసిన రెండు వాక్యాలు. ఇంతకన్నా అవసరం లేదు.

ఈ పేరా రాశాక జవాబు దానంతటదే తయారవుతుంది: రెండూ ఒకటి కాదు. నిర్వాణాన్ని శంకరుల మోక్షం పక్కన పెడితే రెండూ దగ్గరగా కనిపిస్తాయి, రామానుజుల మోక్షం పక్కన పెడితే దూరం పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ ముక్తుడనే వ్యక్తి నిలిచే ఉంటాడు. ఈ మాటను ముగింపు కోసం దాచుకోకుండా ఇంట్రోలోనే పెట్టండి. భగవద్గీత రెండో అధ్యాయం చివరి శ్లోకంలో 'బ్రహ్మనిర్వాణం' అన్న మాట ఉంది. మాట ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదని చూపడానికి "చేరాక ఏమిటి" అన్న పేరాలో అది బాగా పనికొస్తుంది.

వరుస పద్ధతి ఎక్కడ మేలు? "థేరవాదంలో నిర్వాణ భావనను వివరించి, దానిపై వచ్చిన విమర్శను పరిశీలించండి" లాంటి ప్రశ్నలో పోలిక అడగలేదు, కాబట్టి వరుసగానే పోవాలి. ఇంకో సందర్భం, గొలుసులా ఒకదానిలోంచి ఒకటి పుట్టే బోధన. దుఃఖం, దాని కారణం, దాని నిరోధం, అందుకు మార్గం అనే నాలుగు ఆర్యసత్యాలను నాలుగు అంశాల్లోకి విరిచేస్తే గొలుసు తెగుతుంది. పోలిక ప్రశ్నలో దీనికి మందు ఉంది. బౌద్ధం మొదటిసారి వచ్చినచోట గొలుసు మొత్తాన్ని రెండు వాక్యాల్లో చెప్పేసి, తర్వాతి పేరాల్లో "మూడో సత్యం చెప్పినట్టు" అని వెనక్కి చూపితే చాలు.

ఒక మతం గురించి మనకు తెలిసింది పలచగా ఉన్నప్పుడు మూడో దారి ఒకటుంది. అంశాల పద్ధతిలో ఆ పలుచన ప్రతి పేరాలోనూ బయటపడుతుంది. అప్పుడు వరుస పద్ధతే తీసుకుని, తక్కువ తెలిసినదాన్ని రెండోదిగా పెట్టి, దాని ప్రతి పేరానూ వెనకటి మతంతో ముడివేస్తూ మొదలుపెట్టండి: "శంకరులు అవిద్య అన్నచోట థేరవాదం తృష్ణను చూపిస్తుంది." పోలిక చివరిదాకా ఆగదు, తెలియనిచోట అంశం కల్పించాల్సిన పనీ ఉండదు. రెండూ సమానంగా తెలిసినప్పుడు మాత్రం ఇది అంశాల పద్ధతికి సాటి రాదు.

మధ్యలో గడియారం ఒక్కసారి చూడండి. అంశాల పద్ధతిలో 28వ నిమిషానికి రెండు అంశాలు అయిపోయి ఉండాలి. కాకపోతే మూడో అంశాన్నీ నాలుగో అంశాన్నీ ఒకే పేరాలో కలిపేయండి. "దారి", "చేరాక ఏమిటి" సులభంగానే కలుస్తాయి. వరుస పద్ధతిలో 24వ నిమిషానికి మొదటి మతం ముగియకపోతే ఎక్కడున్నారో అక్కడే ఒక వాక్యంతో ఆపి రెండోదానికి వెళ్లండి.

చివరి మూడు నిమిషాల్లో అక్షర దోషాల కన్నా ముందు రెండు మాటలను వెతకండి. మొదటిది, బౌద్ధం గురించిన వాక్యంలో "ఆత్మ మళ్లీ పుడుతుంది" అని జారిందా? అనత్తను, అంటే 'నేను' అనదగ్గ ఆత్మ ఏదీ లేదన్న బోధను, వివరించిన పేరాను ఆ ఒక్క వాక్యం కొట్టిపారేస్తుంది. దాన్ని కొట్టేసి, ఒక దీపం నుంచి ఇంకో దీపం వెలిగించినట్టు, ఏదీ ఇటు నుంచి అటు దాటిపోకుండానే పునర్జన్మ జరుగుతుందన్న ఉపమానం రాయండి, అది మిలిందపఞ్హ అనే బౌద్ధ గ్రంథంలోది. రెండోది, నిర్వాణం "స్వర్గం" అనో "అంతా నశించిపోవడం" అనో పడిందా? బుద్ధుడు ఈ రెండింటినీ ఒప్పుకోలేదు. ఆరిపోయిన మంట ఏ దిక్కుకు వెళ్లిందని అడిగితే ప్రశ్నే పొసగనట్టు, విడుదల పొందినవాడు మళ్లీ పుడతాడా పుట్టడా అన్న ప్రశ్నా పొసగదని ఆయన వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడికి చెప్పాడు. మార్జిన్‌లో ఒక పంక్తికి చోటుంటే ఈ మాట అక్కడ పట్టేస్తుంది.