టైరు ఫొటో చూసి అడ్వాన్సు పంపుతున్నారా? ముందు ఆ నాలుగు అంకెలు చూడండి

కారుకు టైర్లు మార్చాలని ఒక షాపువాళ్లను వాట్సాప్‌లో ఫొటోలు అడిగాను. "కొత్త స్టాక్ సార్, మీ సైజే" అన్నారు. ధర కూడా బయటికన్నా తక్కువే. మొదటి ఫొటోలో కంపెనీ పేరు, సైజు తళతళా మెరుస్తున్నాయి గానీ తయారీ తేదీ లేదు.

సాధారణంగా తేదీతో కూడిన పూర్తి `DOT` కోడ్ టైరుకు ఒక పక్కనే ఉంటుంది. రెండో పక్క సగం కోడే ఉండొచ్చు. అందుకే `DOT` అన్న అక్షరాలు కనబడ్డాయని సరిపెట్టుకోకండి, దాని చివర నాలుగు అంకెలున్నాయో లేదో చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నేను రెండో పక్క ఫొటో అడిగితే పంపారు. 0825 అని ఉంది, అంటే 2025లో ఎనిమిదో వారం, ఫిబ్రవరి. సరేనని రెండు వేలు అడ్వాన్సు పంపాను.

షాపుకెళ్లి, బిగించకముందే నాలుగు టైర్లూ దొర్లించి చూశాను. రెండింటి మీదే 0825. మూడోదాన్ని కుర్రాడు 8319 అని చదివి, "అది బ్యాచ్ నంబరు సార్" అన్నాడు. ఏడాదికి 83 వారాలెక్కడివి? నలుపు మీద నలుపు అంకెలు కాబట్టి 3, 8 ఒకేలా కనిపిస్తాయి. ఫోన్ టార్చ్‌ను ఎదురుగా కాకుండా టైరుకు ఆనించినట్టు పక్కనుంచి వేస్తే నీడ పడి తేలిపోతుంది. అది 3319, అంటే 2019 ఆగస్టు సరుకు. వాడకుండా ఉంచినా రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. "గ్రిప్ నిండా ఉంది కదా సార్" అనేది దీనికి జవాబు కాదు.

నాలుగోదానికి సైజే వేరు. మా కారుకు కావాల్సింది, వాళ్లు పెట్టింది ఇవీ:

```
185/65 R15 88H
185/60 R15 84H
```

"రిమ్ 15 ఒకటే కదా" అని వాదన. 185 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 65 అంటే ఆ వెడల్పులో పక్క ఎత్తు ఎంత శాతమో. అది 60 అయితే పక్క ఎత్తు 9 మిల్లీమీటర్ల పైచిలుకు తగ్గుతుంది, కారు ఆ మూల అంత కిందికి దిగుతుంది. ఒకే ఇరుసు మీద ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అయితే రెండూ ఒకే వేగంతో తిరగవు. అసలు చూడాల్సింది చివరి అంకె, లోడ్ ఇండెక్స్. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, 84 అంటే 500 కిలోలే. 88, 84 అనేవి కిలోల లెక్క కాదు, పట్టికలోని కోడ్‌లు. కాబట్టి తేడా నాలుగే కదా అనుకుంటే పొరపాటు. ఇల్లంతా, లగేజీ సహా ఊరికి బయల్దేరే బండిలో టైరుకు 60 కిలోల తరుగు మామూలు విషయం కాదు. `H` అనేది వేగపు హద్దు, గంటకు 210 కిలోమీటర్లు. మన రోడ్ల మీద దాని గురించి నేను పెద్దగా పట్టించుకోలేదు.

మీ కారుకు ఏ సైజు కావాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులోనో మాన్యువల్‌లోనో ఉంటుంది. ఫొటో అడిగేటప్పుడు ఒక్క టైరుది కాదు, నాలుగింటి తేదీ, సైజు విడివిడిగా అడగండి. ఆ అంకెలు బిల్లులో రాయించండి. నేను టైర్లు వద్దని వచ్చేశాను. అడ్వాన్సు మాత్రం "ఓనరు రాగానే వేస్తాం" అంటూ ఇంకా తిప్పుతూనే ఉన్నారు.